పిల్లల పూర్తి పేరు ఒకే తీరుగా: జవాబు పత్రం నుంచి హాల్ టికెట్ దాకా

గోదావరి డెల్టాలో పిల్లల పేర్లు పొడుగు. అమలాపురం, రాజోలు వైపు చూసినా, నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు చూసినా అంతే. ముందు ఇంటిపేరు ఉంటుంది. తర్వాత అన్నవరం సత్యదేవుడికి మొక్కుకుని పెట్టిన మాట ఒకటి, నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో ఇంకొకటి, చివర తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్నది. నాలుగు మాటల పేరు మా దగ్గర మామూలే. పిలవడానికి మాత్రం చివరి మాట ఒక్కటే మిగులుతుంది. పుస్తకాల అట్టల మీద, పరీక్ష కాగితాల మీద పిల్లలు రాసేది కూడా అదే. చివరికి పదో తరగతిలో నామినల్ రోల్, అంటే పబ్లిక్ పరీక్షల కోసం బడి పంపే విద్యార్థుల వివరాల జాబితా, తయారుచేసే రోజు వస్తుంది. "అమ్మా, నీ పూర్తి పేరు ఇంగ్లీషులో రాయి" అంటే ఆ పిల్ల పెన్ను పట్టుకుని ఆగిపోతుంది. ఇంటిపేరు చివర ఐ రాయాలా, వై రాయాలా అని పక్కనున్న స్నేహితురాలిని అడుగుతుంది.

పదో తరగతి సర్టిఫికెట్ మీద అచ్చయిన పేరే ఆ తర్వాత ఇంటర్మీడియట్‌కు, ప్రవేశ పరీక్షలకు, ఉద్యోగానికి ఆధారం. ఐఐటీ, ఎన్ఐటీ చదువుల కోసం రాసే జేఈఈ మెయిన్ దరఖాస్తులో కూడా పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయమంటారు. అందుకే ఈ పని పదో తరగతి నవంబరులో కాకుండా ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదో తరగతి మొదట్లోనో మొదలుపెట్టాలి. ఎలా చేయాలో వరసగా చెబుతాను. ఇది ముఖ్యంగా తల్లిదండ్రుల కోసం రాసింది. తరగతి ఉపాధ్యాయులకూ పనికొస్తుంది.

ముందుగా ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒకచోట పెట్టండి

పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్ కార్డు, ప్రాథమిక పాఠశాల ఇచ్చిన రికార్డు షీటు లేదా టీసీ, పాస్‌పోర్టు ఉంటే అదీ తీసి పక్కన పెట్టుకోండి. ఒక తెల్ల కాగితం మీద ప్రతి పత్రంలో పేరు ఎలా ఉందో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇది పిల్లతోనే రాయించండి. "అన్నిట్లో ఒకటే ఉందిలే" అని పైపైన చూసి వదిలేస్తే తేడా కనపడదు. మన కన్ను అలవాటైన పేరును అక్షరాలుగా చదవదు, మొత్తంగా గుర్తుపట్టి ముందుకు వెళ్లిపోతుంది.

ఒక పేరు తీసుకుందాం. ఇది ఉదాహరణ కోసం కల్పించిన పేరు: వాసంశెట్టి సత్య లక్ష్మీ ప్రసన్న. అమలాపురం దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది అనుకోండి. కాగితాలు తీస్తే ఇలా తేలింది.

ఆధార్ కార్డు:
`Vasamsetti Satya Lakshmi Prasanna`

ప్రాథమిక పాఠశాల రికార్డు షీటు:
`VASAMSETTY S L PRASANNA`

ఉన్నత పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు:
`VASAMSETTI SATYALAKSHMI PRASANNA`

పిల్ల తన పరీక్ష కాగితాల మీద రాసుకుంటున్నది:
`V. Prasanna`

పుట్టిన తేదీ ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉంది. ఆసుపత్రిలో పుట్టిన వెంటనే నమోదు చేయించినవాటిలో ఇది తరచూ కనిపిస్తుంది, ఎందుకంటే బారసాల అప్పటికి కాలేదు. ఆ గడిలో పేరు చేర్పించుకోవడానికి పుట్టిన నాటి నుంచి 15 ఏళ్ల వరకు అవకాశం ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లకు ఆ గడువు దగ్గర పడుతున్నట్టే. పుట్టుక నమోదు చేసిన పంచాయతీలోనో పురపాలక సంఘంలోనో ముందు ఆ పని చూసుకోండి. కాకపోతే, కింద చెప్పినట్టు పేరు ఎలా ఉండాలో తేల్చుకున్నాకే వెళ్లండి. లేకపోతే ఆ గడిలో ఐదో రకం పేరు చేరుతుంది.

అడ్మిషన్ రిజిస్టరు మీ ఇంట్లో ఉండదు. దాన్ని బడికి వెళ్లి చూడాలి. "మా అమ్మాయి పేరు రిజిస్టరులో ఎలా ఉందో ఒకసారి చూపించండి" అని ప్రధానోపాధ్యాయులను అడగడానికి మొహమాటపడకండి. ప్రోగ్రెస్ కార్డు చూసి సరిపెట్టుకోవద్దు. తరగతి హాజరు పట్టీలో స్థలం చాలక ఇంటిపేరు పొడి అక్షరాలుగా మారుతుంది, ప్రోగ్రెస్ కార్డు రాసేవారు దాన్నే చూసి రాస్తారు. పిల్ల కూడా రోజూ వినేది, చూసేది ఆ పొట్టి పేరే కాబట్టి తన పేరు అదే అనుకుంటుంది.

ఏ పేరు ఉంచాలో తేల్చుకోవడం

ఇక్కడే ఇళ్లలో వాదనలు వస్తాయి. శెట్టి చివర వై ఉంటే బాగుంటుందని మేనమామ అంటాడు. ఇంకో ఏ కలిపితే కలిసొస్తుందని ఎవరో లెక్క కట్టి చెబుతారు. నా మాట సూటిగా చెబుతాను: ఏది అందంగా ఉందన్నది అడగకండి. ఏది ఎక్కువ చోట్ల సరిగ్గా ఉంది, ఏది మార్చడం ఎక్కువ కష్టం అన్న రెండు ప్రశ్నలే వేసుకోండి.

మన ఉదాహరణలో ఆధార్‌లో నాలుగు మాటలూ విడివిడిగా, పూర్తిగా ఉన్నాయి. ఇంటిపేరు చివర ఐ ఉన్నది ఆధార్‌లోనూ, ఉన్నత పాఠశాల రిజిస్టరులోనూ. కాబట్టి ఉంచవలసినది ఇది:

`VASAMSETTI SATYA LAKSHMI PRASANNA`

రిజిస్టరులో మారాల్సింది ఒక్క ఖాళీ మాత్రమే, సత్యకూ లక్ష్మికీ మధ్య. "ఖాళీయే కదా" అనిపిస్తుంది. చదివే మనిషికి అది లెక్కలోకి రాదు గానీ, రెండు చోట్ల వివరాలను పోల్చే కంప్యూటరుకు కలిసిన మాట వేరు, విడిన మాటలు వేరు. విద్యార్థికి అపార్ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఇచ్చేటప్పుడు బడి వివరాల్లోని పేరును ఆధార్ పేరుతో పోలుస్తారు. అవి కలవకపోతే పని ఆగిపోతుంది. చాలామంది తల్లిదండ్రులకు తేడా ఉందని తెలిసేది అప్పుడే.

తొమ్మిదో తరగతిలో ఉండగా అయితే బడి రికార్డు సరిచేయమని ప్రధానోపాధ్యాయులకు కాగితం మీద దరఖాస్తు ఇవ్వండి. నోటితో చెప్పి రావద్దు. ఇప్పుడున్న పేరు ఒక వరసలో, ఉండవలసిన పేరు దాని కింద వరసలో పెద్ద అక్షరాలతో రాసి, ఆధార్ నకలు జతచేయండి. మీ దగ్గర కూడా ఒక నకలు ఉంచుకోండి.

తప్పు ఆధార్‌లోనే ఉంటే దారి వేరు. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితం మొత్తం మీద రెండుసార్లే వీలుంటుంది కాబట్టి ఆచితూచి వాడుకోవాలి. పిల్లలకు 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు, కనుపాప ఎలాగూ మళ్లీ ఇవ్వాలి. పేరు మార్పు కూడా అదే వెళ్లడంలో చేయించుకుంటే ఒక పూట కూలి మిగులుతుంది. ఆధార్ కేంద్రంలో ఆపరేటరు ఇంగ్లీషులో కొట్టగానే తెలుగు పేరు దానంతట అదే తెర మీదికి వస్తుంది, దీర్ఘాలూ ఒత్తులూ తప్పుగా పడేది అప్పుడే. "తెలుగు వరస కూడా చూపించండి" అని అడిగి, పిల్లనే చదివి సరేనన్నాక ముందుకు వెళ్లనివ్వండి.

పిల్ల అప్పటికే పదో తరగతి పూర్తిచేసి, సర్టిఫికెట్ వచ్చేసి ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు సర్టిఫికెట్‌లో ఉన్న పేరే అసలు పేరుగా తీసుకుని, ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్చుకోవడమే మేలు.

తల్లి పేరు గురించి ఒక్క మాట. మన జిల్లాల నుంచి కువైట్‌కు, మస్కట్‌కు పనికి వెళ్లిన తల్లులు చాలామంది ఉన్నారు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, మిగతా పేరుకు ఇంకో గడి ఉంటాయి. ఆ ఇంటిపేరు పుట్టింటిదో మెట్టినింటిదో పిల్లలకు తెలియదు. బడిలో అమ్మ పేరు అడిగితే నోటికొచ్చినది చెబుతారు. నామినల్ రోల్‌లో తల్లి పేరు, తండ్రి పేరు కూడా ఉంటాయి కాబట్టి వాటిని కూడా తల్లిదండ్రుల పత్రాల్లో ఉన్నట్టే ఒకసారి రాసి పిల్ల చేతికి ఇవ్వండి.

గళ్ల పుస్తకంలో నేర్పించడం

పేరు తేలాక పిల్లకు నేర్పాలి. ఒక్కసారి చూపించి "ఇలా రాయి" అంటే చాలదు. చిన్నప్పటి నుంచి పొట్టి పేరుకు చెయ్యి అలవాటు పడి ఉంటుంది.

లెక్కల గళ్ల పుస్తకం తీయండి. గడికి ఒక్క అక్షరం, మాటకూ మాటకూ మధ్య ఒక్క ఖాళీ గడి. అన్నీ పెద్ద అక్షరాలే. మన ప్రసన్న పేరుకు 30 అక్షరాలు, 3 ఖాళీలు, మొత్తం 33 గడులు పడతాయి. రాశాక ప్రతి మాట కింద దాని అక్షరాల సంఖ్య వేయించండి: 10, 5, 7, 8. ఈ నాలుగు అంకెలు పిల్లకు నోటికి రావాలి. "పది, ఐదు, ఏడు, ఎనిమిది" అని గుర్తుంటే, ఎక్కడైనా తన పేరు అచ్చులో చూసినప్పుడు వేలు పెట్టి లెక్కపెట్టుకోగలదు. రెండో మాటలో ఆరు అక్షరాలు కనిపిస్తే తేడా వచ్చినట్టు అప్పటికప్పుడే తెలుస్తుంది.

తర్వాత, తప్పు ఎక్కడ పడే వీలుందో ఆ చోట్లను మాత్రమే పట్టి చూపండి. ప్రతి పేరుకూ అలాంటి చోట్లు రెండో మూడో ఉంటాయి. ఈ పేరులో అవి ఏమిటంటే: శెట్టిలో టీ రెండుసార్లు, చివర ఐ. సత్యలో టీ ఒక్కటే, దాని పక్కన హెచ్ లేదు. మనవాళ్లు త అక్షరానికి టీ పక్కన హెచ్ పెట్టడం అలవాటు కాబట్టి చెయ్యి `SATHYA` వైపు పోతుంది. లక్ష్మిని కొందరు ఎక్స్‌తో `LAXMI` అని రాస్తారు. ఇక్కడ కే, ఎస్, హెచ్. ప్రసన్నలో ఎన్ రెండుసార్లు. పిల్లకు చెప్పడానికి ఒక్క వాక్యం సరిపోతుంది: "నీ పేరు మొత్తంలో హెచ్ ఒక్కటే ఉంది, అది లక్ష్మిలో ఉంది."

మొదట చూసి రాయించండి. ఆ తర్వాత పై వరసను మూసేసి రాయించండి. ఆపైన చెవితో పరీక్షించండి: పిల్ల అక్షరాలు ఒక్కొక్కటిగా పైకి చెబుతుంటే మీరు కాగితం మీద ఉన్నదాంతో పోల్చండి. ఇంట్లో ఇంగ్లీషు రానివాళ్లు ఉంటే అన్ననో అక్కనో కూర్చోబెట్టండి, లేదా చూసి రాసిన వరసను, చూడకుండా రాసిన వరసను ఒకదాని కింద ఒకటి పెట్టి గడికి గడి సరిచూడండి. ఇంగ్లీషు చదవడం రాని తల్లి కూడా రెండు గడుల్లో ఒకే బొమ్మ ఉందో లేదో చెప్పగలదు.

వారానికి ఒకసారి, మధ్యలో చెప్పకుండా "నీ పూర్తి పేరు రాసి చూపించు" అని అడుగుతూ ఉండండి. ఆగకుండా రాస్తే వచ్చినట్టు. రాసేటప్పుడు మధ్యలో తల పైకెత్తితే ఆ చోటు ఇంకా గట్టిపడలేదని అర్థం. ఆ మాట ఒక్కటే మళ్లీ చేయించండి.

అక్షరాల ఆకారం కూడా చూడండి. కొందరు పిల్లలు యూ, వీ రెండూ ఒకేలా రాస్తారు. ఐ అక్షరాన్ని ఒట్టి గీతగా రాస్తే ఒకటి అంకెలా ఉంటుంది, పైనా కిందా చిన్న అడ్డగీతలు పెట్టించండి. చేత్తో నింపిన ఫారాన్ని చూసి ఎవరో కంప్యూటరులో కొట్టేటప్పుడు పేర్లు మారేది ఇలాంటి అక్షరాల దగ్గరే.

తెలుగులో కూడా ఒక్క తీరే ఉండాలి. లక్ష్మికి దీర్ఘం ఉందా లేదా, ఇంటిపేరులో శ రాయాలా స రాయాలా అన్నది ఒకసారి తేల్చి, గళ్ల పుస్తకంలో ఇంగ్లీషు వరస పైనే రాయించి ఉంచండి.

బడి పరీక్షల కాగితాల మీద వాడించడం

ఇంట్లో నేర్చుకున్నది బడిలో వాడకపోతే నెల తిరిగేసరికి మళ్లీ `V. Prasanna` వచ్చేస్తుంది. యూనిట్ పరీక్ష అయినా, అర్ధ సంవత్సర పరీక్ష అయినా జవాబు పత్రం మీద పేరు రాయమన్న చోట పూర్తి పేరే రాయాలి. ఆ గీత పొట్టిగా ఉంటుందని పిల్లలు పొడి అక్షరాల్లోకి దిగిపోతారు. గీత మొదటి నుంచే అక్షరాలు కొంచెం చిన్నవిగా మొదలుపెట్టమని, చాలకపోతే కింద రెండో వరసలోకి వెళ్లమని చెప్పండి. ఇంటిపేరును పొడి అక్షరం చేయడం మాత్రం ఒప్పుకోవద్దు.

దిద్దిన కాగితాలు ఇంటికి వచ్చినప్పుడు మార్కుల కంటే ముందు పేరు చూడండి. తరగతి ఉపాధ్యాయులకు నేను ఒకటి సూచిస్తాను. జవాబు పత్రాలు పంచే ముందు పేరు తప్పున్నవాటిని పక్కకు తీసి, ఆ పిల్లల చేత అక్కడికక్కడే సరైన పేరు రాయించండి. దీనికి మార్కులు తగ్గించడం మంచిది కాదు. పిల్ల భయపడి పక్కవాళ్ల కాగితం చూడటం మొదలుపెడుతుంది, తన పేరు తనకు రావడం అలా జరగదు. వీలైతే హాజరు పట్టీలో కూడా పూర్తి పేరు రాసి, వారానికి ఒకరోజైనా పూర్తి పేరుతో పిలవండి.

ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ ఉపకార వేతన పరీక్షకు దరఖాస్తు చేసే పిల్లలకు ఇది మొదటి అసలు పరీక్ష. అందులో ఎంపికైతే ఏటా 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లు వస్తాయి. ఆ డబ్బు కోసం జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో నమోదు చేసేటప్పుడు పరీక్ష దరఖాస్తులో పేరు, ఆధార్‌లో పేరు కలవాలి. దరఖాస్తు పంపే రోజున పిల్లను కంప్యూటరు పక్కన నిలబెట్టి, తెర మీద పేరు తానే చదివేలా చూడండి. పది, ఐదు, ఏడు, ఎనిమిది అని లెక్కపెట్టుకోవలసిన చోటు అదే.

పదో తరగతిలో నామినల్ రోల్ రోజు

పదో తరగతి పరీక్షల కోసం విద్యార్థుల వివరాలను బడి నుంచి ఆన్‌లైన్‌లో ప్రభుత్వ పరీక్షల విభాగానికి పంపుతారు. దీనినే నామినల్ రోల్ అంటారు. హాల్ టికెట్ మీద, ఓఎంఆర్ పత్రం మీద, చివరికి సర్టిఫికెట్ మీద పడేది ఈ పేరే. అంటే అసలు తలుపు ఇది. మార్చిలో హాల్ టికెట్ చూసి కంగారుపడే తల్లిదండ్రులు అంతకు నెలల ముందు జరిగిపోయిన ఈ రోజును పట్టించుకుని ఉండరు.

బడిలో వివరాల కాగితం అచ్చు తీసి పిల్లల చేతా, తల్లిదండ్రుల చేతా సంతకం చేయిస్తారు. పొలంలో పనుందనో, రొయ్యల చెరువు దగ్గర మేత వేయాలనో సంతకం పిల్లతోనే పెట్టించి పంపేయవద్దు. ఆ పూట మీరే వెళ్లండి. పిల్లకు తన గళ్ల పుస్తకం తీసుకెళ్లమని చెప్పండి.

సరిచూసే పద్ధతి ఇదీ. ఒకరు గళ్ల పుస్తకం చూసి అక్షరాలు ఒక్కొక్కటి పైకి చదవాలి. ఇంకొకరు అచ్చు కాగితం మీద పెన్సిలుతో ఆ అక్షరం కింద చుక్క పెట్టాలి. పేరు చివరి నుంచి మొదటికి, వెనక నుంచి చదవడం ఇంకా మంచిది. ఏ, ఎన్, ఎన్, ఏ, ఎస్ అని చదువుతుంటే కన్ను అలవాటు కొద్దీ దాటిపోలేదు, ప్రతి అక్షరం దగ్గరా ఆగాల్సిందే. తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ కూడా ఇలాగే చూడండి.

మన ప్రసన్న విషయంలో ఆ కాగితం మీద ఇలా ఉంది అనుకుందాం:

`VASAMSETTY SATYA LAKSHMI PRASANNA`

తొమ్మిదో తరగతిలో రిజిస్టరులో ఖాళీ సరిచేశారు, అది బాగానే వచ్చింది. కానీ ఇంటిపేరు చివర వై ఎలా వచ్చింది? ప్రాథమిక పాఠశాల రికార్డు షీటులో ఉన్నది వై. అక్కడి వివరాలు ఆన్‌లైన్ జాబితాలో అలాగే కొనసాగి ఉండవచ్చు, లేదా కొట్టినవారు తమకు తెలిసిన వాసంశెట్టి వారి పేరు రాసినట్టే రాసి ఉండవచ్చు. అక్షరాల లెక్క ఇక్కడ పట్టివ్వలేదు, ఎందుకంటే ఐ ఉన్నా వై ఉన్నా పదే. లెక్కపెట్టడం ఒక్కదాని మీదే ఆధారపడకుండా అక్షరాలు చదివించమన్నది ఇందుకే.

ఇప్పుడు చేయవలసింది: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. తప్పున్న అక్షరానికి సున్నా చుట్టి, పైన సరైన అక్షరం రాసి, ఆధార్ నకలు, తొమ్మిదో తరగతిలో ఇచ్చిన దరఖాస్తు నకలు చూపించండి. దిద్దిన తర్వాత కొత్తగా అచ్చు తీసిన కాగితం చూశాకే సంతకం పెట్టండి. "తర్వాత మార్చేస్తాంలెండి" అన్న మాట మీద ఇంటికి రావద్దు. వందమంది పేర్లు కొట్టే మనిషికి ఆ ఒక్క అక్షరం గుర్తుండటం కష్టం. జాబితా పంపాక కూడా దిద్దుబాట్లకు బడులకు కొన్నాళ్లు అవకాశం ఇస్తుంటారు గానీ, ఆ గడువు దాటితే ప్రధానోపాధ్యాయుల చేతిలో కూడా ఏమీ ఉండదు.

హాల్ టికెట్ చేతికి వచ్చాక

హాల్ టికెట్లు విడుదలయ్యాక బడిలో ఇస్తారు. ప్రభుత్వ పరీక్షల వెబ్‌సైటు `bse.ap.gov.in` నుంచీ తీసుకోవచ్చు. వచ్చిన రోజే, పరీక్షకు ముందు రోజు కాదు, మళ్లీ అదే పద్ధతిలో చదివి సరిచూడండి. పేరుతోపాటు ఫొటో, మాధ్యమం, మొదటి భాష కూడా చూడండి. తప్పు కనిపిస్తే అదే రోజు ప్రధానోపాధ్యాయుల దగ్గరికి వెళ్లి కాగితం మీద రాసివ్వండి. హాల్ టికెట్ మీద పెన్నుతో దిద్దడం మాత్రం ఎవరూ చేయకూడదు. మీరు దిద్దినంత మాత్రాన కంప్యూటరులో పేరు మారదు, పైగా పరీక్ష కేంద్రంలో అనుమానం వస్తుంది. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నంత మాత్రాన పిల్ల పరీక్ష మానుకోవలసిన అవసరం లేదు. ఆ మాట పిల్లకు ముందే చెప్పి కుదుటపరచండి, దిద్దుబాటు సంగతి పెద్దవాళ్లు చూసుకోవచ్చు.

పరీక్ష హాలులో: ఇక్కడ నియమం తిరగబడుతుంది

ఇన్నాళ్లూ ప్రతి జవాబు పత్రం మీద పూర్తి పేరు రాయమని నేర్పించాం. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో జవాబు పుస్తకం లోపల ఎక్కడా పేరు రాయకూడదు. ఈ సంగతి విడిగా కూర్చోబెట్టి చెప్పకపోతే, బాగా నేర్చుకున్న పిల్లే అలవాటు కొద్దీ మొదటి పేజీ పైన పేరు రాసేస్తుంది.

అక్కడ పేరు ఉండేది ఓఎంఆర్ పత్రం మీద, అదీ ముందే అచ్చు వేసి ఉంటుంది. దిద్దేవారికి ఆ పుస్తకం ఎవరిదో తెలియకూడదు కాబట్టి బార్ కోడ్‌తోనే దిద్దడం జరుగుతుంది. లోపల పేరు గానీ, హాల్ టికెట్ సంఖ్య గానీ, సంతకం గానీ కనిపిస్తే దాన్ని తనను గుర్తుపట్టమని ఇచ్చిన సంకేతంగా తీసుకునే ప్రమాదం ఉంది.

పిల్ల చేయవలసినది ఇంతే. ఓఎంఆర్ పత్రం ఇవ్వగానే దాని మీద పేరు, హాల్ టికెట్ సంఖ్య, ఆ రోజు సబ్జెక్టు తనవేనా అని హాల్ టికెట్ పక్కన పెట్టి చూడాలి. తనది కాకపోతే ఏమీ రాయకుండా చెయ్యెత్తి ఇన్విజిలేటరుకు చెప్పాలి. తనదే అయితే సంతకం పెట్టమన్న గడిలోనే సంతకం పెట్టాలి. ఆ సంతకం కూడా ముందే అలవాటు చేయించండి. హాల్ టికెట్ మీద ఒకలా, ఓఎంఆర్ మీద ఇంకోలా పెట్టే పిల్లలు ఉన్నారు. పరీక్షల ముందు అయినవిల్లి విఘ్నేశ్వరుడి సన్నిధిలో పూజ చేసిన పెన్నులు మన పిల్లలకు ఇస్తుంటారు. దానితోనే రాయాలని పిల్ల ఆశపడితే, ఇంట్లో నాలుగు పేజీలు రాయించి, సిరా నీలమో నలుపో చూసి పంపండి.

లోపల పేరు రాయకూడదన్న నియమం పిల్లలు మరిచిపోయేది ఎక్కువగా లేఖ రాసే ప్రశ్న దగ్గర. తెలుగు పేపరులో మిత్రుడికి లేఖ రాయమంటారు. అంతా చక్కగా రాసి చివర "ఇట్లు, నీ స్నేహితురాలు" అన్నాక చెయ్యి తన పేరు వైపే వెళ్తుంది, పైన తేదీ దగ్గర ఊరి పేరు కూడా పడిపోతుంది. అక్కడ ప్రశ్నలో ఇచ్చిన పేరు ఉంటే అది రాయాలి, లేకపోతే ××××× అని గుర్తులు పెట్టాలి. ఇంగ్లీషు పేపరులో లేఖకూ ఇంతే. జనవరి, ఫిబ్రవరిలో ఇంట్లో లేఖలు రాయించేటప్పుడే ఆ గుర్తులతో ముగించడం అలవాటు చేయండి.

సర్టిఫికెట్ వచ్చినప్పుడు

ఫలితాల తర్వాత ముందు ఆన్‌లైన్‌లో మార్కుల జాబితా కనిపిస్తుంది, తర్వాత అసలు సర్టిఫికెట్ బడికి వస్తుంది. అందరూ మార్కులు చూస్తుంటారు, మీరు పేరు చూడండి. బడిలోనే, సంతకం పెట్టి తీసుకునే ముందే వెనక నుంచి ఒక్కో అక్షరం చదివించండి. తేడా ఉంటే దిద్దుబాటు దరఖాస్తు చదివిన బడి ద్వారానే పైకి వెళ్తుంది. అడ్మిషన్ రిజిస్టరు నకలు, నామినల్ రోల్ మీద మీరు సంతకం పెట్టిన కాగితం నకలు అప్పుడు పనికొస్తాయి. రిజిస్టరులో సరిగ్గా ఉండి సర్టిఫికెట్‌లో తప్పు పడితే అది అచ్చుతప్పుగా దిద్దించుకోవచ్చు. రిజిస్టరులోనే తప్పు ఉంటే అది పేరు మార్పు అవుతుంది, దాని దారి చాలా పొడుగు.

లామినేషన్ చేయించడానికి తొందరపడకండి. దిద్దుబాటు కోసం అసలు సర్టిఫికెట్ తిరిగి ఇవ్వవలసి రావచ్చు. ఇంటర్మీడియట్‌లో చేర్చేటప్పుడు కాలేజీ వాళ్లు నమోదు చేసిన పేరు కూడా సర్టిఫికెట్ పక్కన పెట్టి చూసి, ఆ రోజు గళ్ల పుస్తకంలోని ఆ పేజీని చింపి సర్టిఫికెట్ ఉన్న కవరులోనే పెట్టి ఉంచండి. రెండేళ్ల తర్వాత ప్రవేశ పరీక్షల దరఖాస్తులు ఏ నెట్ సెంటరులో నింపించినా పిల్ల ఆ కాగితమే చూపిస్తుంది.